రెండు కాపీలున్నా ఒకటే ఎందుకు పనిచేస్తుంది?

2001 డిసెంబర్ 22న అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ఒక పిల్లికూన పుట్టింది. క్లోనింగ్ ద్వారా పుట్టిన మొట్టమొదటి పెంపుడు పిల్లి అదే. దానికి సీసీ అని పేరు పెట్టారు. దాని కణ కేంద్రకాల్లోని డీఎన్ఏ అంతా రెయిన్‌బో అనే ఇంకో పిల్లి కణం నుంచి తీసుకున్నదే. రెయిన్‌బో ఒంటి మీద గోధుమ చారలు, నారింజ మచ్చలు, తెలుపు అన్నీ కలగలిసి ఉండేవి. సీసీకి చారలు వచ్చాయి, తెలుపు వచ్చింది. నారింజ మాత్రం ఒక్క మచ్చ కూడా రాలేదు. ఆ డీఎన్ఏ ఒకటే అయినా రంగు తేడా వచ్చింది.

పిల్లుల్లో నారింజ రంగును నిర్ణయించే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడ పిల్లికి ఎక్స్‌లు రెండు. ఒకదాని మీద నారింజ రూపం, రెండోదాని మీద మామూలు రూపం ఉంటే ఒంటి మీద ఒకచోట ఇదీ, ఇంకోచోట అదీ బయటపడతాయి. కారణం, ఏ కణంలో చూసినా రెండిట్లో ఒక ఎక్సే పనిచేస్తుంటుంది. పిండం ఇంకా చిన్న ముద్దగా ఉన్నప్పుడే ఒక్కో కణం దేనికది ఏదో ఒక ఎక్స్‌ను ఉంచుకుని రెండోదాన్ని మూసేస్తుంది. ఏది మూతపడాలన్నది లాటరీయే. కానీ ఒకసారి తేలాక ఆ కణం నుంచి పుట్టే కణాలన్నీ అదే వరస పాటిస్తాయి. అందుకే రంగు చుక్కలు చుక్కలుగా కాక మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. (తెలుపు సంగతి వేరు, దానికీ ఎక్స్‌కూ సంబంధం లేదు.)

క్లోనింగ్‌కు తీసుకున్నది ఒకే ఒక్క కణం. అందులో నారింజ ఉన్న ఎక్స్ అప్పటికే మూతపడి ఉంది. ఆ కణ కేంద్రకాన్ని ఖాళీ చేసిన అండంలో పెట్టి కొత్త జీవితం మొదలుపెట్టించినా ఆ మూత తెరుచుకోలేదన్నదే సీసీ రంగుకు చెప్పే ప్రధాన వివరణ. అంటే ఇక్కడ రెండు పనులు జరుగుతున్నాయి. మూయడం ఒకటి, మూసిన సంగతి గుర్తుంచుకోవడం ఇంకొకటి. మొదటి పని చేసేది ఒక పొడవాటి ఆర్ఎన్ఏ, అంటే కణం జన్యువును చదివినప్పుడు తయారయ్యే నకలు. రెండో పనిలో పెద్ద వాటా డీఎన్ఏ మీద అంటుకునే మిథైల్ గుర్తులది. ఇంప్రింటింగ్ అనే మరో వ్యవస్థలోనూ ఇవే రెండు పనిముట్లు ఉంటాయి, కానీ అక్కడ వాటి వరస తిరగబడుతుంది. ఈ తారుమారు అర్థమైతే, ఒకే జన్యు మార్పు తండ్రి నుంచి వస్తే ఏమీ కాకపోవడం, తల్లి నుంచి వస్తే బిడ్డకు మాట కూడా రాకపోవడం ఎలా జరుగుతుందో అర్థమవుతుంది.

సగం, ఒకటి, ఒకటిన్నర

జన్యువు ఉందా లేదా అన్నది ఎంత ముఖ్యమో, దాని నుంచి ఎంత సరుకు తయారవుతోందన్నది అంత ముఖ్యం. 21వ క్రోమోజోమ్ మనిషి క్రోమోజోముల్లో అతి చిన్నది. దాని మీదున్న జన్యువుల్లో లోపమేమీ లేకపోయినా రెండుండాల్సిన చోట మూడు కాపీలు ఉంటే చాలు, డౌన్ సిండ్రోమ్ వస్తుంది. ఎక్స్ దానికంటే చాలా పెద్దది. సుమారు 15.5 కోట్ల అక్షరాల పొడవు, ప్రొటీన్లు తయారుచేసే జన్యువులే 800కు పైగా. ఆడవాళ్లకు అవి రెండేసి, మగవాళ్లకు ఒక్కొక్కటి. ఈ తేడాను సరిచేయకపోతే ఆడా మగల్లో ఎవరో ఒకరు బతికి బట్టకట్టడం కష్టం. పాలిచ్చే జంతువులు ఎంచుకున్న దారి, ఆడ కణాల్లో ఒక ఎక్స్‌ను మూసేయడం.

1949లో కెనడాలో ముర్రే బార్, ఎవర్ట్ బెర్ట్రమ్ పిల్లి నాడీకణాలను మైక్రోస్కోప్ కింద చూస్తూ, ఆడ పిల్లుల కణాల్లో మాత్రమే కేంద్రకంలో చిక్కగా ముడుచుకున్న ఒక చుక్కను గమనించారు. అది ముడుచుకుపోయిన ఎక్స్ క్రోమోజోమే అని ఆ తర్వాత సుసుము ఒనో చూపించారు. ఎలుకల బొచ్చు రంగులను గమనిస్తూ 1961లో మేరీ లయన్ మొత్తం కథను కలిపి చెప్పారు: ఒక ఎక్స్ మూతపడుతుంది, ఏదన్నది యాదృచ్ఛికం, మూతపడ్డాక మారదు. ఎక్స్‌లు ఎన్నున్నా కణం ఒకదాన్నే ఉంచుకుంటుంది. మూడు ఎక్స్‌లున్న స్త్రీ కణాల్లో రెండు బార్ చుక్కలు, ఎక్స్ ఎక్స్ వై ఉన్న పురుషుడిలో ఒక చుక్క కనిపిస్తాయి.

మరి రెండో ఎక్స్ ఎలాగూ మూతపడేదే అయితే, ఒక్క ఎక్స్‌తో పుట్టిన టర్నర్ సిండ్రోమ్ ఆడపిల్లలకు ఇబ్బందులెందుకు? మూత పూర్తిగా పడదు కాబట్టి. మనుషుల్లో మూతపడిన ఎక్స్ మీద కూడా దాదాపు 15 శాతం జన్యువులు పనిచేస్తూనే ఉంటాయి. వాటిలో ఒకటైన షాక్స్ జన్యువు ఎముకల ఎదుగుదలకు కావాలి. దాని మోతాదు సగానికి పడిపోవడమే టర్నర్ ఆడపిల్లల పొట్టితనానికి పెద్ద కారణం.

ఎక్సిస్ట్: ప్రొటీన్ ఇవ్వని జన్యువు

1991లో ఒక వింత జన్యువు దొరికింది. మిగతా జన్యువులన్నీ పనిచేసే ఎక్స్ నుంచి చదవబడుతుంటే, ఇది మాత్రం మూతపడిన ఎక్స్ నుంచే చదవబడుతోంది. దాని నుంచి వచ్చే ఆర్ఎన్ఏ మనిషిలో దాదాపు 19,000 అక్షరాలుంటుంది, కానీ అందులో ప్రొటీన్ తయారీకి తగిన సూచన ఏదీ లేదు. ఆ ఆర్ఎన్ఏ కేంద్రకం దాటి బయటికి కూడా రాదు. దానికి ఎక్సిస్ట్ అని పేరు పెట్టారు.

దీని ప్రత్యేకత ఏమిటంటే అది ఏ క్రోమోజోమ్ మీద పుట్టిందో ఆ క్రోమోజోమ్‌నే అంటిపెట్టుకుని పరుచుకుంటుంది. పక్కనే తేలుతున్న రెండో ఎక్స్ జోలికి పోదు. మామూలుగా జన్యువులను నియంత్రించే ప్రొటీన్ బయట తయారై తిరిగి కేంద్రకంలోకి వస్తుంది కాబట్టి రెండు కాపీలనూ ఒకేలా చూస్తుంది, వాటి మధ్య తేడా దానికి తెలియదు. పుట్టిన చోటే ఉండిపోయే ఆర్ఎన్ఏకు ఆ తేడా తెలుస్తుంది. ఒకేలా ఉన్న రెండు కాపీల్లో ఒకదాన్ని మాత్రమే ఆపాల్సిన పనికి పొడవాటి ఆర్ఎన్ఏలు అంత చక్కగా కుదరడానికి కారణం ఇదేనని నేననుకుంటాను.

పరుచుకోవడం వేరు, మూయడం వేరు. ఎక్సిస్ట్ మొదట్లో ఒకే తీరు ముక్క పదేపదే వచ్చే భాగం ఒకటుంది, దాన్ని ఏ-రిపీట్ అంటారు. ఎలుక కణాల్లో ఆ ఒక్క భాగాన్ని తీసేస్తే ఆర్ఎన్ఏ ఎప్పటిలాగే క్రోమోజోమ్ మీద పరుచుకుంది, కానీ జన్యువులు ఆగలేదు. ఆ భాగానికి అతుక్కునే ప్రొటీన్ పేరు స్పెన్ అని 2015లో తేలింది. స్పెన్ వచ్చి హెచ్‌డ్యాక్3 అనే ఎంజైమ్‌ను పనిలో పెడుతుంది. డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్ల మీద అసిటైల్ గుర్తులుంటే జన్యువు చదవడానికి వీలుగా తెరిచి ఉంటుంది. ఈ ఎంజైమ్ ఆ గుర్తులను పీకేస్తుంది. తర్వాత పాలీకోంబ్ బృందం అనే ప్రొటీన్లు వచ్చి అదే హిస్టోన్ల మీద ‘మూత’ గుర్తులు వేస్తాయి. ఇంత పనికీ వేల కొద్దీ ఆర్ఎన్ఏ అణువులు కావాలనుకుంటాం. ఎలుక కణాల్లో లెక్కపెడితే ఒక ఎక్స్ మీద ఎక్సిస్ట్ కాపీలు వందకు అటూ ఇటూ మాత్రమే ఉన్నాయి. అంత కొద్ది ఆర్ఎన్ఏ దాదాపు మొత్తం క్రోమోజోమ్‌ను ఆపగలుగుతోందంటే, అది ఒక్కో జన్యువు మీదా కూర్చోవడం లేదు, తన చుట్టూ ప్రొటీన్ల గుంపును చేరదీసి ఆ గుంపుతో పని చేయిస్తోంది.

మూడు రోజుల గడువు

2000 సంవత్సరంలో ఆంటన్ వుట్జ్, రుడాల్ఫ్ యానిష్ చేసిన ప్రయోగం ఈ కథలో నాకు చాలా ఇష్టమైనది. ఎలుక పిండ మూలకణాల్లో ఎక్సిస్ట్‌ను కావాలన్నప్పుడు వెలిగించి వద్దన్నప్పుడు ఆర్పేలా ఏర్పాటు చేశారు. మూలకణాలు ఇతర కణాలుగా మారడం మొదలుపెట్టాక రెండు రోజుల్లోపు ఎక్సిస్ట్‌ను ఆపితే జన్యువులు మళ్లీ పనిచేశాయి. మూడు రోజులు దాటాక ఆపితే తెరుచుకోలేదు. అప్పటికి మూత దానంతటదే నిలబడింది. ఆర్ఎన్ఏ అవసరం తీరిపోయింది.

ఆ మూతను నిలబెట్టేవాటిలో ముఖ్యమైనది డీఎన్ఏ మిథైలేషన్. డీఎన్ఏలో సి పక్కన జి వచ్చే చోట ఆ సి మీద మిథైల్ అనే చిన్న రసాయన గుంపు చేరుతుంది. జన్యువు మొదలయ్యే చోట ఇలాంటి గుర్తులు గుంపుగా పడితే ఆ జన్యువును చదవరు. దీని బలం ఏమిటంటే అది తనను తాను నకలు తీసుకోగలదు. ఒక పోగు మీద సి-జి ఉంటే ఎదుటి పోగు మీద కూడా జి-సి ఉంటుంది. కణం విడిపోయేటప్పుడు పాత పోగు మీద గుర్తు ఉంటుంది, కొత్తగా అల్లిన పోగు మీద ఉండదు. అలా ఒక్క వైపే గుర్తున్న చోట్లను వెతికి రెండో వైపు కూడా వేసే ఎంజైమ్ ఒకటి మన కణాల్లో ఉంది, దాని పేరు డీఎన్ఎంటీ1. గుర్తు ఎవరు వేశారో, ఎందుకు వేశారో దానికి అనవసరం. ఉంటే కొనసాగిస్తుంది. పిండంలో పడిన ఎంపిక ఎనభై ఏళ్ల ముసలావిడ చర్మంలో కూడా అలాగే ఉండటానికి ఈ గుడ్డి నకలు పనే ఒక పెద్ద కారణం.

అయితే మిథైలేషన్ ఒక్కటే తాళం కాదు. శరీర కణాల్లో ఎక్సిస్ట్‌ను తీసేసినా, మిథైలేషన్‌ను చెరిపినా, హిస్టోన్ గుర్తులను మార్చినా విడివిడిగా చాలా తక్కువ కణాల్లోనే జన్యువులు మేల్కొంటాయి. మూడూ కలిపి చేస్తే మేల్కొనేవి బాగా పెరుగుతాయి. ఇంకో ముచ్చట: ఎక్సిస్ట్ జన్యువు మొదలు దగ్గర కూడా మిథైల్ గుర్తులుంటాయి, కానీ అవి ఉండేది పనిచేసే ఎక్స్ మీద. అక్కడ ఎక్సిస్ట్ పుట్టకుండా ఆపేది అవే.

ఈ రెండు రకాల కణాల కలగలుపు ఆసుపత్రిలో ఎలా కనిపిస్తుందో జీ6పీడీ లోపంలో తెలుస్తుంది. ఎర్రరక్త కణాలను కాపాడే ఎంజైమ్ అది, జన్యువు ఎక్స్ మీద ఉంటుంది. ఈ లోపం ఉన్నవాళ్లకు వైవాక్స్ మలేరియా మళ్లీ తిరగబెట్టకుండా ఇచ్చే ప్రిమాక్విన్ మాత్రలు రక్తకణాలు పగిలిపోయేలా చేస్తాయి. మగవాళ్లలో లెక్క తేలిక. ఎక్స్ ఒకటే కాబట్టి ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఒక కాపీ మాత్రమే దెబ్బతిన్న స్త్రీలో మాత్రం కొన్ని కణాలు పూర్తిగా బాగుంటాయి, కొన్నిటిలో ఎంజైమ్ దాదాపు ఉండదు. ఆమె రక్తాన్ని గొట్టంలో పోసి కొలిస్తే సగటు వస్తుంది. వాడుకలో ఉన్న ఫ్లోరోసెంట్ స్పాట్ టెస్ట్ ఎంజైమ్ పనితనం సుమారు 30 శాతం కంటే తగ్గితేనే తేడా చూపిస్తుంది. ఆమెకు 50 శాతం వస్తే రిపోర్టులో ‘నార్మల్’ అని ఉంటుంది. కానీ సగం కణాలు మాత్ర వేసుకోగానే పగలడానికి సిద్ధంగా ఉన్నాయి. ఒకే మాత్రతో పనయ్యే టఫెనోక్విన్‌కు 70 శాతం కంటే ఎక్కువ ఉండాలని నియమం పెట్టి, అంకె వచ్చే పరీక్షే చేయమనడానికి కారణం ఇదే. లాటరీ ఎటు మొగ్గిందన్నదాన్ని బట్టి ఒకే జన్యువులున్న అక్కాచెల్లెళ్లలో ఒకరికి 30, ఇంకొకరికి 80 రావచ్చు.

గుర్తు ముందు, ఆర్ఎన్ఏ తర్వాత

కంగారూల్లో లాటరీ లేదు. అక్కడ ప్రతి కణంలోనూ మూతపడేది తండ్రి నుంచి వచ్చిన ఎక్సే. ఎలుకల మాయలో కూడా అంతే. అంటే ఈ కాపీ ఎవరిచ్చారో కణానికి తెలుసు. మనుషుల్లో ఎక్స్ విషయంలో అలా జరగదు గానీ, వేరే క్రోమోజోముల మీద దాదాపు వంద జన్యువుల విషయంలో జరుగుతుంది. దాన్నే జీనోమిక్ ఇంప్రింటింగ్ అంటారు.

1984లో అమెరికాలో మెక్‌గ్రాత్, సోల్టర్, ఇంగ్లండ్‌లో అజీమ్ సురానీ బృందం ఎలుక అండాల్లో కేంద్రకాలను మార్చి చూశారు. రెండూ తల్లి వైపువే పెడితే పిండం కొంతవరకు ఎదిగింది, మాయ ఎదగలేదు. రెండూ తండ్రి వైపువే పెడితే మాయ బాగా వచ్చింది, పిండం దెబ్బతింది. ఏ జతా పిల్లగా పుట్టలేదు. ఇదే ప్రయోగం మనుషుల్లో ప్రకృతే చేస్తుంది. తల్లి క్రోమోజోములు లేని అండంలోకి శుక్రకణం చేరి తన క్రోమోజోములనే రెట్టింపు చేసుకుంటే, లెక్కకు 46 సరిగ్గానే ఉంటాయి. కానీ బిడ్డ ఏర్పడదు. మాయ కణజాలం మాత్రం నీటి బుడగల గుత్తిలా పెరుగుతుంది. మన డాక్టర్లు దాన్ని ముత్యాల గర్భం అంటారు. అందులో జన్యువు ఏదీ పోలేదు, తల్లి గుర్తులున్న కాపీలు లేవు, అంతే.

ఈ గుర్తులు మిథైల్ గుర్తులే. అండం ఎదిగేటప్పుడు కొన్ని చోట్ల పడతాయి, శుక్రకణం తయారయ్యేటప్పుడు ఇంకొన్ని చోట్ల. ఫలదీకరణ తర్వాత కొద్ది రోజుల్లో పిండం తన డీఎన్ఏ మీది మిథైల్ గుర్తులను చాలావరకు తుడిచేసుకుంటుంది. ఇంప్రింటింగ్ చోట్లను మాత్రం జెడ్‌ఎఫ్‌పీ57 అనే ప్రొటీన్ కాపలా కాసి కాపాడుతుంది. ఆ బిడ్డ శరీరమంతా అవే గుర్తులు జీవితాంతం ఉంటాయి. ఒక్క చోట తప్ప: ఆ బిడ్డలో తయారయ్యే అండాల్లో లేదా శుక్రకణాల్లో పాత గుర్తులన్నీ చెరిగిపోయి, ఆ బిడ్డ ఆడా మగా అన్నదాన్ని బట్టి కొత్తవి పడతాయి. ఇంటిపేరు లాంటిదే ఇది. నాయనమ్మ నుంచి నాన్నకు వచ్చిన క్రోమోజోమ్, నాన్న నుంచి మనకు వచ్చేసరికి తండ్రి గుర్తుతోనే వస్తుంది, నాయనమ్మ గుర్తు మిగలదు.

15వ క్రోమోజోమ్ మీద ఒక చోటు

అన్నీ ఒకేచోట కనిపించేది 15వ క్రోమోజోమ్ పొడవు భుజం మీద, మధ్య కణుపుకు దగ్గరగా. అక్కడ ఎస్‌ఎన్‌ఆర్‌పీఎన్ అనే జన్యువు మొదలు ఒక స్విచ్‌లా పనిచేస్తుంది. తల్లి ఇచ్చిన కాపీలో ఆ చోట మిథైల్ గుర్తులుంటాయి కాబట్టి అక్కడి నుంచి ఏమీ చదవబడదు. తండ్రి ఇచ్చిన కాపీలో గుర్తులుండవు, కాబట్టి లక్షల అక్షరాల పొడవున ఒక ఆర్ఎన్ఏ అక్కడ మొదలవుతుంది. దారిలో దాని లోపలి ముక్కల నుంచి స్నార్డ్116 అనే చిన్న ఆర్ఎన్ఏలు తయారవుతాయి. చాలా కణాల్లో ఆ ప్రయాణం కొంత దూరంలో ఆగిపోతుంది. నాడీకణాల్లో మాత్రం అది ఇంకా ముందుకు సాగి యూబీఈ3ఏ అనే జన్యువు మీదుగా, ఆ జన్యువుకు ఎదురు దిశలో దూసుకుపోతుంది. ఆ భాగాన్ని యూబీఈ3ఏ-ఏటీఎస్ అంటారు. ఫలితంగా నాడీకణాల్లో తండ్రి వైపు యూబీఈ3ఏ ఆగిపోతుంది, తల్లి వైపుది ఒక్కటే పనిచేస్తుంది.

ఎక్సిస్ట్ దగ్గర ఆర్ఎన్ఏ ముందు వచ్చి మూసింది, మిథైలేషన్ వెనక వచ్చి స్థిరపరిచింది. ఇక్కడ తల్లి అండంలోనే పడ్డ మిథైలేషన్ ముందుంది, ఆర్ఎన్ఏ పుట్టాలా వద్దా అన్నది అదే తేలుస్తోంది. ఆపే తీరులో కూడా తేడా ఉంది. ఎక్సిస్ట్ పూర్తయిన ఆర్ఎన్ఏగా పరుచుకుని ప్రొటీన్లను పిలుస్తుంది. యూబీఈ3ఏ దగ్గర ముఖ్యంగా పనిచేసేది ఎదురుగా చదువుకుంటూ రావడమే అని ఎలుకల ప్రయోగాలు చెబుతున్నాయి. చదివే యంత్రాలు ఎదురెదురు పడటంతో యూబీఈ3ఏ ఆర్ఎన్ఏ మధ్యలోనే తెగిపోతుంది. దారిలోనే ఆ చదువును ఆపేస్తే జన్యువు తెరుచుకుంటుంది.

ఈ ప్రాంతంలో సుమారు 50 లక్షల అక్షరాల ముక్క ఒక్కోసారి ఊడిపోతుంది. తండ్రి కాపీలో ఊడితే స్నార్డ్116 లాంటివి లేకుండా పోతాయి. ఆ బిడ్డ పుట్టినప్పుడు మెత్తగా వేలాడిపోతూ, పాలు కూడా గట్టిగా తాగలేడు. కొన్నేళ్లకు ఎంత తిన్నా తీరని ఆకలి మొదలవుతుంది. ఇది 1956లో వర్ణించిన ప్రాడర్-విల్లీ సిండ్రోమ్. అదే ముక్క తల్లి కాపీలో ఊడితే మెదడుకు యూబీఈ3ఏ అందదు. మాట దాదాపు రాదు, నడక తూలుతుంది, ఫిట్స్ వస్తాయి, బిడ్డ తరచూ నవ్వుతుంటుంది. ఇది 1965లో హ్యారీ ఏంజెల్‌మన్ వర్ణించినది. రెండు వేర్వేరు జబ్బులకు మూలం ఒకే చోటన్నది 1980ల చివరికి గానీ తెలియలేదు.

ఏంజెల్‌మన్ అనుమానంతో వచ్చిన బిడ్డ రక్తంతో ల్యాబ్ మొదట చేసేది మిథైలేషన్ పరీక్షే. డీఎన్ఏను బైసల్ఫైట్ అనే రసాయనంతో కలుపుతారు. మిథైల్ లేని సి అక్షరాలు మారిపోతాయి, మిథైల్ ఉన్నవి మారవు. ఆ తేడాను బట్టి ఎస్‌ఎన్‌ఆర్‌పీఎన్ స్విచ్ ముక్కలు రెండు రకాలుగా కనిపిస్తాయి. మామూలు బిడ్డలో మిథైల్ ఉన్న తల్లి కాపీ, లేని తండ్రి కాపీ రెండూ ఉంటాయి. తండ్రి రకం ఒక్కటే కనిపిస్తే ఏంజెల్‌మన్, తల్లి రకం ఒక్కటే కనిపిస్తే ప్రాడర్-విల్లీ. ప్రాడర్-విల్లీని ఈ పరీక్ష దాదాపు తప్పకుండా పట్టుకుంటుంది. ఏంజెల్‌మన్‌లో మాత్రం పదింటిలో ఎనిమిది కేసులే దొరుకుతాయి. యూబీఈ3ఏ జన్యువులోనే అక్షరం తప్పున్న పిల్లల్లో స్విచ్ గుర్తులు సరిగ్గానే ఉంటాయి కాబట్టి రిపోర్ట్ నార్మల్ వస్తుంది. లక్షణాలు బలంగా ఉండి రిపోర్ట్ నార్మల్ వస్తే అక్కడితో ఆగకుండా జన్యువును అక్షరం అక్షరం చదివించాలి.

చదివిస్తే ఏం బయటపడొచ్చో ఒక ఊహా కుటుంబంలో చూద్దాం. తాతకు యూబీఈ3ఏలో కొత్తగా ఒక తప్పు వచ్చింది. అది కొడుక్కీ కూతురికీ ఇద్దరికీ వెళ్లింది. ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు, ఎందుకంటే తండ్రి నుంచి వచ్చిన ఆ కాపీ నాడీకణాల్లో ఎలాగూ ఆగిపోయి ఉంటుంది. కూతురు పెళ్లయి బిడ్డను కంటే, ఆ తప్పున్న కాపీ ఇప్పుడు తల్లి కాపీ అవుతుంది. అది వెళ్లిన బిడ్డకు ఏంజెల్‌మన్ వస్తుంది. ఒక్కో కాన్పుకూ అవకాశం సగం. కొడుకు పిల్లలకు ఏమీ కాదు. కానీ అతని కూతురికి ఆ తప్పు వెళ్లి ఉంటే ఆమె పిల్లలకు మళ్లీ అదే సగం అవకాశం. జబ్బు ఒక తరం దాటి, మేనమామ ఇంట్లో ఎవరికీ లేకుండా, ఉన్నట్టుండి తేలుతుంది. మన ఇళ్లలో ఇలాంటి బిడ్డ పుట్టగానే మేనరికం వల్లేనా అని అడుగుతారు. ఇది రెండు వైపుల నుంచీ తప్పున్న కాపీలు కలిస్తే వచ్చే జబ్బు కాదు, తల్లి వైపు ఒక్క కాపీ చాలు. కాబట్టి ఆ అనుమానంతో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. పరీక్ష చేయించాల్సింది తల్లికి, ఆమెలో దొరికితే ఆమె అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, వాళ్ల కూతుళ్లకు. ముక్క ఊడిన కేసుల్లో ఎక్కువ భాగం కొత్తగా జరిగినవే కాబట్టి, మళ్లీ వచ్చే అవకాశం ఒక శాతం కంటే తక్కువ.

ఆగిన కాపీని తెరవడం

ఏంజెల్‌మన్ బిడ్డ నాడీకణాల్లో తండ్రి ఇచ్చిన యూబీఈ3ఏ చెడిపోలేదు, ఆగి ఉంది అంతే. ఆపుతున్నది ఏటీఎస్ అని తెలిశాక దాన్ని కోసేయవచ్చన్న ఆలోచన సహజంగానే వచ్చింది. ఆ ఆర్ఎన్ఏకు సరిగ్గా జతపడే చిన్న రసాయన ముక్కను మెదడులోకి పంపితే, కణంలోని ఎంజైమ్ ఒకటి ఆ జతను చూసి ఆర్ఎన్ఏను తెగ్గొడుతుంది, ఎదురుగా వస్తున్న చదువు ఆగుతుంది. 2015లో ఎలుకల్లో ఇది పనిచేసింది. ఇప్పుడు పిల్లల్లో నడుము దగ్గర వెన్నులోకి ఇంజెక్షన్‌గా ఇచ్చి ట్రయల్స్ చేస్తున్నారు. 2020లో అలాంటి ఒక ట్రయల్‌లో మొదటి ఐదుగురికీ కాళ్లలో బలహీనత రావడంతో దాన్ని నిలిపేశారు. ఆ లక్షణం తగ్గాక, మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెట్టారు. వయసు పరిమితి కూడా ఉండవచ్చు. ఎలుకల్లో జన్యువును వేర్వేరు వయసుల్లో తిరిగి తెరిచి చూస్తే, ఒంటి అదుపు కొంత ఆలస్యంగా తెరిచినా మెరుగుపడింది. ఫిట్స్ ధోరణి, ఆందోళన లాంటివి మాత్రం చాలా ముందుగా తెరిస్తేనే సరిపోయాయి.

ఇక్కడ కూడా లెక్క మోతాదుదే. ముక్క ఊడిన బిడ్డలో తండ్రి కాపీ ఒక్కటే ఉంది, తెరిస్తే మామూలు మోతాదు వస్తుంది. కొందరు పిల్లలకు 15వ క్రోమోజోములు రెండూ తండ్రి నుంచే వచ్చి ఉంటాయి. వాళ్లలో రెండూ తెరుచుకుంటే కావాల్సిన దానికి రెట్టింపు అవుతుంది. అది కూడా మంచిది కాదు. తల్లి వైపు ఈ ప్రాంతం అదనంగా మరో కాపీ ఉన్న పిల్లలకు ఆటిజం, ఫిట్స్ వస్తాయని ఇప్పటికే తెలుసు. కాబట్టి మందు ఇచ్చే ముందు మిథైలేషన్ రిపోర్ట్ ఒక్కటి చాలదు, ముక్క ఊడిందా లేక రెండూ తండ్రివేనా అని తల్లిదండ్రుల డీఎన్ఏతో కూడా పోల్చి చూడాలి. ఇంకో విషయం, ఈ ఇంజెక్షన్ తెగ్గొట్టేది ఆర్ఎన్ఏను మాత్రమే. తండ్రి కాపీలో స్విచ్ దగ్గర మిథైల్ గుర్తు లేకపోవడమన్న స్థితి అలాగే ఉంటుంది, అక్కడి నుంచి ఏటీఎస్ మళ్లీ మళ్లీ పుడుతూనే ఉంటుంది. అందుకే మందు ప్రభావం తగ్గేలోపు, కొన్ని నెలలకోసారి ఇంజెక్షన్ మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది.